చచ్చినవాడు లేచి చెప్పాలి

ఆ ఆఫీసులో భానుచందర్‌కు కాఫీ ఎప్పుడూ సగం గ్లాసే పోస్తారు. నిండా పోస్తే గ్లాసు నోటి దాకా వెళ్లేలోపు మిగతా సగం చొక్కా మీద ఉంటుంది. అతని కుడిచెయ్యి వణుకుతుంది. పదో తరగతి పరీక్షల నాటికే వణికేది. ప్రాణానికేమీ భయం లేదన్నారు డాక్టర్లు, అయితే తగ్గేది కూడా కాదన్నారు.

"భానూకి సగమే పొయ్యి సుబ్బులక్కా. మిగతా సగం నేల తాగుతాది" అంటాడు ప్రతాప్, రోజూ నాలుగింటికి. రోజూ అందరూ నవ్వుతారు. భానుచందర్ కూడా నవ్వుతాడు. నవ్వకపోతే ప్రతాప్ అదే మాట రెండోసారి అంటాడు కాబట్టి.

గోదా కూడా నవ్వేది. నవ్వి, తర్వాత తన కంప్యూటర్ వైపు తిరిగేది.

తిరుచానూరు రోడ్డులో స్టీలు సామాన్ల అంగడి పైన రెండు గదులు, ఎనిమిది కంప్యూటర్లు. సత్యవేడు పక్క పొలాలున్న ఇంటివాడు ప్రతాప్; సేద్యం చూసుకోమని నాయన మొత్తుకున్నా వినకుండా వచ్చి ఈ ఆఫీసు పెట్టాడు. రెండేళ్లుగా వాళ్లు చేస్తున్నది ఒకటే ఆట. పేరు ఎర్రకోన. కొండల్లో ఎర్రచందనం దొంగలు ఒక జట్టు, అడవి కాపలావాళ్లు ఇంకో జట్టు. చేతిలో తుపాకులు. ఏ తుపాకి ఎంత దూరం కొట్టాలి, ఎంత దెబ్బ తగలాలి, రెండు గుళ్ల మధ్య ఎంత ఆగాలి, అన్నీ చూసేది గోదా. వాళ్ల నాన్న దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. అమ్మ వకుళాదేవి చుట్టాలతో "మా అమ్మాయిది కంప్యూటర్ పని" అని మాత్రమే చెబుతుంది. ఆ పని తుపాకులతో అని ఆవిడ నోట ఎన్నడూ రాలేదు.

సాయంత్రం కాఫీ అయ్యాక అందరూ కూర్చుని ఆడాలి. దానికి గోదా పెట్టిన ఒక నియమం ఉంది. ఆటలో చచ్చినవాడు వెంటనే కుర్చీలోంచి లేచి నిలబడాలి. ఆట ముగిశాక ఒక్కొక్కరే చెప్పాలి: ఎవరు చంపారు, ఎక్కడినుంచి, ఏ తుపాకితో. గోదా నోట్‌బుక్కులో పేరు రాసి ఎదురుగా "తెలుసు" అనో "తెలీదు" అనో రాస్తుంది. చచ్చినవాడికి తెలిస్తే ఆ తుపాకి సరిగ్గా ఉన్నట్టు. వరసగా ముగ్గురు "తెలీదు" అంటే లోపం ఆడేవాడిది కాదు, తుపాకిది.

మొదట్లో దూరం తుపాకి, అదే స్నైపర్, ఆ నోట్‌బుక్కులో అన్నీ "తెలీదు"లే తెచ్చిపెట్టింది. ఒక్క గుండుతో మనిషి పోతాడు. గుండు మీట నొక్కిన క్షణానే తగిలేది. కొండ మీద కూర్చున్నవాడికి కష్టం లేదు, కింద పరిగెత్తేవాడికి దిక్కు లేదు. నెలల తరబడి కూర్చుని గోదా దానికి మూడు కట్లు కట్టింది.

మొదటిది, గుండుకు బరువిచ్చింది. సెకనుకు ఆరువందల మీటర్లు పోతుంది. మూడు వందల మీటర్ల దూరంలో ఉన్నవాణ్ణి చేరడానికి అర సెకను. ఆ అర సెకనులో గుండు నాలుగు అడుగులు కిందికి దిగుతుంది, వాడు పరిగెత్తేవాడైతే మూడు మీటర్లు జరిగిపోతాడు. కాబట్టి తలకు తగలాలంటే తల మీదికి నాలుగు అడుగులు ఎత్తి, ముందుకు కాస్త జరిపి కొట్టాలి. రెండోది, తుపాకి మీది దుర్బిణి అద్దంలో చూస్తే గురి నిలవదు, ఊగుతుంది. మూడోది, ఊపిరి. ఇంకో మీట నొక్కి పట్టుకుంటే ఆటలోని మనిషి ఊపిరి బిగపడతాడు, నాలుగు సెకన్లు గురి నిలుస్తుంది. ఐదో సెకనుకు రొప్పు వస్తుంది, ముందుకంటే రెండింతలు ఊగుతుంది, కుదుటపడడానికి ఆరు సెకన్లు పడుతుంది. ఒక్క దెబ్బతో చంపే బలం చేతికిచ్చినప్పుడు, ఆ దెబ్బ తప్పడానికి కూడా దారి ఇవ్వాలి. తప్పిన గుండు చప్పుడు చేస్తుంది, దుమ్ము లేపుతుంది. కిందివాడు తలెత్తి చూస్తాడు. అక్కడినుంచి అది వేట కాదు, పోట్లాట.

ఊపు దగ్గరే చాలా రోజులు ఆగిపోయింది. ఇష్టమొచ్చినట్టు ఊగేలా చేస్తే ఎంత సాధన చేసినా పట్టు దొరకక ఆడేవాళ్లు తిట్టారు. ఎనిమిది అంకెలాగా తిప్పితే రెండు రోజుల్లో కంఠతా వచ్చేసింది. లయ ఉండాలి, అదే లయ మళ్లీ రాకూడదు. అప్పుడు ఆమెకు భానుచందర్ మౌసు కదలికల రికార్డు కంటబడింది. సన్నగా, ఆగకుండా, అలలు అలలుగా ఉన్న గీత. దాన్ని పదింతలు నెమ్మది చేసి, పెద్దది చేసి, తుపాకికి పెట్టింది. అచ్చం ప్రాణమున్న చెయ్యి పట్టుకున్నట్టు ఊగింది.

ఆ మాట అతనికి చెప్పాలనుకుంది. ఇవాళ, రేపు అనుకుంటూ ఏడు నెలలు గడిచాయి. ఆ తర్వాత చెప్పడం కంటే చెప్పకపోవడమే మర్యాద అనిపించింది.

భానుచందర్‌కు అది మొదటి నిఖార్సైన ఉద్యోగం. కాణిపాకంలో గుడి ముందు వాళ్లమ్మ దేవకమ్మ గరిక, పూలు అమ్ముతుంది. అతను మొబైల్ రిపేరు అంగట్లో నాలుగు రోజులు, ఫోటో స్టూడియోలో పది రోజులు పనిచేశాడు. రెండు చోట్లా చెయ్యి చూసి పంపేశారు. ఇక్కడ ఆట పరీక్షించే పని. మిగతా తుపాకులతో అతను మామూలే, దూరం తుపాకితో మాత్రం అతన్ని కొట్టేవాడు లేడు. అందరి చేతులూ ఊగే చోట అతని చెయ్యి వేరుగా కనబడదు. ఊపిరి బిగపట్టే మీట అతను వాడడు. బిగపడితే తుపాకి ఆగుతుంది గానీ అతని చెయ్యి ఆగదు కదా. ఊగుతున్న గురి మనిషి మీదుగా పోయే క్షణం కోసం కాచుకుని, ఆ క్షణానికి నొక్కుతాడు.

"ఊగేదాన్ని ఆపేకి సూడకూడదు గోదమ్మా. దానెంబడి పోవాల" అన్నాడొకసారి. "నా జన్మంతా అదే గదా పని."

ఆమెను గోదమ్మా అంటాడు. ఆమె అతన్ని భానన్నా అంటుంది.

ధర్మేంద్ర వచ్చాక అంతా మారింది. ప్రతాప్‌కు మేనమామ కొడుకు. బెంగళూరులో పోటీల్లో ఆడి కప్పులు తెచ్చుకున్నవాడు. మౌసు కదిపితే కంటికి ఆనదు, అంత వేగం. మొదటి రోజే దూరం తుపాకి పట్టుకుని, రెండు గుళ్లు తప్పి, కుర్చీ వెనక్కి తోశాడు.

"ఇదేం తుపాకి బావా? తాగినోడి సేతిలో ఉన్నెట్ల ఊగతా ఉండాది. గురి పెట్టిన కాడ గుండు పడకపోతే గురి ఎందుకంట?"

"దూరం పోయేది కిందికి దిగుతుంది ధర్మేంద్రా. రాయి విసిరినా అంతే కదా" అంది గోదా.

"నేను రాయి ఇసిరేకి రాలేదు. నా సెయ్యి ఒణకదు. ఒణికేటోళ్ల కోసరం అందరికీ ఒణుకు పెడితే అది న్యాయమా?"

గదిలో ఎవరూ భానుచందర్ వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ ఒకేసారి తలలు తిప్పుకోవడంతో అది చూసినదానికంటే ఎక్కువైంది.

ప్రతాప్ మాత్రం హాయిగా నవ్వాడు. "సరే. శుక్రవారం మెడ్రాసు నుంచి దేవనాథన్ సార్ వస్తా ఉండాడు. ఆయనకి నచ్చితే ఆట వాళ్ల కంపెనీ పేరుతో బయటికి పోతాది. ఆయన ముందరే ఆడదాం. ఒకాట ధర్మా తుపాకితో, కట్లేమీ లేకుండా. ఒకాట గోదా తుపాకితో. ఆయన ఏది బాగుందంటే అది ఉంటాది." భానుచందర్ వైపు తిరిగి, "టెస్టరు కుర్చీ గూడా ఇంక ఒకటే. రెండో ఆటలో మీ ఇద్దర్లో గెలిచినోడు కూర్చుంటాడు. ఏం భానూ, భయమా? సెయ్యి ఒణకతా ఉండాదే!" అన్నాడు.

అందరూ నవ్వారు. భానుచందర్ కూడా నవ్వాడు.

మెట్ల దగ్గర గోదాను ఆపి, "ఈ కుర్చీ పోతే మళ్లా గరిక కట్టలు గట్టల్ల గోదమ్మా" అన్నాడు. "అదీ సరిగ్గా కట్టలేను. మా యమ్మ ఇప్పి మళ్లా కడతాది."

"తుపాకి నిలిస్తే నువ్వూ నిలుస్తావన్నా. నేను చూసుకుంటా" అంది గోదా. ఆ మాట అన్నప్పుడు ఆమె నిజంగానే అంది.

దేవనాథన్ శుక్రవారం మధ్యాహ్నానికి వచ్చారు. తలనీలాలు ఇచ్చి నేరుగా కొండ దిగి వచ్చినట్టున్నారు, నున్నటి తల మీద చందనం ఇంకా తడిగా ఉంది. ప్రతాప్ ఆయనకు తన కుర్చీ ఇచ్చి వెనక నిలబడ్డాడు.

మొదటి ఆట ధర్మేంద్ర తుపాకితో. బరువు లేదు, ఊపు లేదు, ఊపిరి లేదు. ధర్మేంద్ర కొండ ఎక్కి కూర్చున్నాడు. తర్వాత నాలుగు నిమిషాలు గదిలో వినబడింది కుర్చీల చప్పుడే. ఒకరు లేచారు. ఇంకొకరు. భానుచందర్ ఒక పొద చాటునుంచి ఇంకో పొదకు పోబోతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. గోదా కూడా లేచింది. ఆఖరికి ధర్మేంద్ర ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడినుంచి?" నోట్‌బుక్కు తెరిచి అడిగింది గోదా.

"తెలీదు."

"తెలీదు మేడం. నడస్తా ఉన్నా, పడిపోయినా."

"తెలీదు గోదమ్మా" అన్నాడు భానుచందర్.

దేవనాథన్ అప్పటికే ఫోను చూసుకుంటున్నారు. "ఈ తంబి బాగా ఆడతాడు, సరే. మిగిలినవాళ్లు ఏం చేశారు? వరసగా లేచి నిలబడ్డారు, అంతే కదా? ఇది కొనుక్కున్నవాడు రెండో రోజు మళ్లీ ఆడడు."

ప్రతాప్ మొహం మారింది. "రెండోది సూడండి సార్, అసలుది అదే" అన్నాడు, అది ముందునుంచీ తన మాటే అయినట్టు.

రెండో ఆటలో కుర్చీలు నిదానంగా కదిలాయి. గుండు తప్పినవాళ్లు తిట్టుకున్నారు, తప్పించుకున్నవాళ్లు అరిచారు. దేవనాథన్ ఫోను జేబులో పెట్టుకున్నారు. పావుగంటకు ఇద్దరే మిగిలారు. ధర్మేంద్ర, భానుచందర్. చచ్చినవాళ్లంతా భానుచందర్ కుర్చీ వెనక చేరి నిలబడ్డారు. అతని తెరను చూస్తున్నట్టే ఉన్నారు గానీ, సగం మంది చూస్తున్నది మౌసు మీద వణుకుతున్న చేతిని.

తెర మీద అతను నడుము ఎత్తు బండ వెనక నిలబడి ఉన్నాడు. ధర్మేంద్ర గుండు వచ్చి ఆ బండకు తగిలింది. దుమ్ము లేచింది. ఒక రెప్పపాటు తర్వాత చప్పుడు వచ్చింది. ధర్మేంద్ర తలకే గురి పెట్టాడు, గుండు నాలుగు అడుగులు దిగింది.

"థూ!" అన్నాడు ధర్మేంద్ర.

భానుచందర్ కూర్చున్నాడు బండ చాటున. గుండు ముందు, చప్పుడు వెనక. ఆ రెంటి మధ్య ఎడాన్ని బట్టి దూరం మూడు వందలని అతనికి తెలిసిపోయింది. దుమ్ము లేచిన తీరును బట్టి ఏ దిక్కో తెలిసింది. బండ కుడివైపు నుంచి తల ఒక్క క్షణం బయటపెట్టి వెనక్కి తీసుకున్నాడు.

గోదా ఊపిరి బిగపట్టింది. అవతల ధర్మేంద్ర కూడా ఆ క్షణాన మీట నొక్కి ఊపిరి బిగపట్టి ఉంటాడని ఆమెకు తెలుసు. తల మళ్లీ వస్తే కొట్టాలని కాచుకుని ఉంటాడు.

"ఒగటి" అన్నాడు భానుచందర్, తనలో తాను. "రెండు. మూడు. నాలుగు."

నిదానంగా లేచి బండ ఎడమపక్కకు వచ్చి, దాపు లేకుండా నిలబడ్డాడు.

అవతల ధర్మేంద్ర తుపాకి రొప్పుతోంది. గుండు పేలింది. భానుచందర్ నెత్తి మీద ఎక్కడో కొమ్మ విరిగింది. ధర్మేంద్ర ఇంకో గుండు ఎక్కించుకోవడానికి రెండు సెకన్లు కావాలి. భానుచందర్ అద్దంలోకి చూశాడు. గురి ఊగుతోంది. అతను ఆపలేదు. అది పైకి పోయి, తిరిగి, ఎదుటివాడి తల మీదికి నాలుగు అడుగుల ఎత్తుకు దిగే దాకా ఆగి, నొక్కాడు.

అర సెకను.

ధర్మేంద్ర కుర్చీ చప్పుడు చేయలేదు. లేవలేదు.

"లెయ్యాలప్పా. సచ్చినోడు లెయ్యాల" అన్నారెవరో. ఎన్నాళ్లుగానో దాచుకున్న నవ్వులన్నీ ఒక్కసారి బయటికి వచ్చాయి. ధర్మేంద్ర లేచాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఎక్కడినుంచి?" అడిగింది గోదా.

"బండకాడ్నుంచి. నాకు ఊపిరి ఆడనప్పుడు సూసి కొట్టినాడు." గొంతు లేవడం లేదు. "తెలుసు."

గోదా "తెలుసు" అని రాసింది. భానుచందర్ తిరిగి ఆమెను చూశాడు. అంత పెద్ద నవ్వు ఆ మొహం మీద ఆమె అంతకుముందు చూడలేదు. ప్రతాప్ కోసం నవ్వే నవ్వు కాదది.

"రొంబ బాగుంది" అన్నారు దేవనాథన్. "కానీ అమ్మా, ఒక మాట. బరువు, ఊపు, ఊపిరి, ఇవన్నీ వేరే ఆటల్లో కూడా ఉన్నవే. మా పిల్లలు రెండు వారాల్లో చేసేస్తారు. మీ దగ్గరే తీసుకోవాలని నాకేముంది?"

ప్రతాప్ గోదా వైపు చూశాడు. రెండేళ్లు. ఆ తుపాకి మీద పోయిన నెలలు. ఈ మనిషి ఇప్పుడు లేచి వెళ్లిపోతే అంతా ఈ స్టీలు అంగడి మీదే మిగిలిపోతుంది.

"ఈ ఊపు వేరే ఎక్కడా దొరకదు సార్" అంది గోదా. "ఇది లెక్కలతో చేసింది కాదు. మనిషి చేతినుంచి తీసింది." ఆమె చూపు పక్కకు పోయింది, వెనక్కి రాలేదు. "భానన్న చేతిది. అతని మౌసు కదలికల రికార్డులోంచి తీసి పెట్టాను."

దేవనాథన్ కళ్లు మెరిశాయి. "ఇతనిదా? ఏదీ, చెయ్యి చూపించు తంబి."

భానుచందర్‌కు అర్థమవడానికి కాసేపు పట్టింది. అలవాటుగా చెయ్యి ఎత్తాడు. అది గాలిలో వణికింది. దేవనాథన్ ఆ చేతినీ, తెర మీద ఊగుతున్న గురినీ మార్చి మార్చి చూసి, "ఆహా" అన్నారు.

"అదీ సంగతి!" ధర్మేంద్రకు గొంతు తిరిగి వచ్చింది. "నీ ఒణుకే తుపాకిలో పెట్టుకోని నాతో ఆడతావా? నీ సెయ్యి నీకు తెలీకుంటే ఇంకెవురికి తెలుస్తాది? దొంగాట బావా ఇది!"

"నాకు తెలీదు" అన్నాడు భానుచందర్. "నాకెవురూ సెప్పలా."

నిజమే. పదింతలు నెమ్మది చేసిన గీతలో తన చేతిని ఏ మనిషీ పోల్చుకోలేడు. అతను నేర్చుకున్నట్టే నేర్చుకున్నాడు, రోజూ కూర్చుని. ఆ ఒక్క మాట గోదా చెబితే చాలు.

"అదే సార్ కథ!" దేవనాథన్ ప్రతాప్ భుజం తట్టారు. "ఎవరి చెయ్యో వాళ్లే గెలుస్తారు. జనాలకు ఇదే కావాలి. ఈ చెయ్యితో ఒక వీడియో తీద్దాం. దగ్గరగా, చెయ్యి మాత్రం. మీ ఆట మాదే."

గోదా నోరు తెరిచింది. దేవనాథన్ అప్పుడే ప్రతాప్‌కు చెయ్యి కలుపుతున్నారు. మూసింది.

"అయితే ఆ గెలుపు సెల్లదు గదా భానూ" అన్నాడు ప్రతాప్, సంతోషం పట్టలేక. "న్యాయం న్యాయమే. కుర్చీ ధర్మాది. నీ ఒణుకు యాడికీ పోదులే, కంప్యూటర్లో ఉండాది. నువ్వు లేకపోయినా పని జరుగుతాది. వీడియోకి ఒకరోజు వచ్చిపో."

అందరూ నవ్వారు. ఈసారి భానుచందర్ నవ్వలేదు. ప్రతాప్ ఆ మాట రెండోసారి అనబోయాడు.

భానుచందర్ కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు.

"సచ్చినోడు లేసి సెప్పాల గదా గోదమ్మా" అన్నాడు. "రాసుకో."

ఆమె చేతిలో నోట్‌బుక్కు తెరిచే ఉంది.

"పక్కనుంచే తగిలింది. దూరం ల్యా, మూరెడు. గుండు దిగలా. గురి ఊగలా. ఊపిరి బిగపట్టే పని గూడా లేకపాయ." గోదా వైపు తిరిగాడు. "ఎవురో తెలుసు. యాడ్నుంచో తెలుసు."

"ఏం చెప్తున్నాడు?" అడిగారు దేవనాథన్.

"ఏం ల్యా సార్, మా ఆఫీసులో ఇదొక ఆట" అన్నాడు ప్రతాప్.

సుబ్బులమ్మ కాఫీ తెచ్చింది. అలవాటు కొద్దీ ఆ కుర్చీ ముందర సగం గ్లాసు పెట్టింది. ధర్మేంద్ర అందులో కూర్చుంటూ, "ఏందక్కా, నాకు సగమే పోసినావు?" అన్నాడు. ఆవిడ నాలుక కరుచుకుని నిండా పోసింది. భానుచందర్ అప్పటికి మెట్ల కమ్మీ పట్టుకుని దిగుతున్నాడు. కింద అంగట్లో ఎవరో గిన్నె మీద పేరు కొట్టిస్తున్నారు, టక్ టక్ మని చప్పుడు.

గోదా ఆ పూట చచ్చినవాళ్ల పేర్లన్నీ చూసుకుంది. ఒకటి మిగిలింది. పేరు రాసి, ఎదురుగా "తెలుసు" అని రాసింది. తుపాకిలో లోపమేమీ లేదు.